షాపు డబ్బుతో ఇంటి ఖర్చులు: ఒక యజమానికి నేను రాసిన ఉత్తరం, దాని వెనక జరిగిన పని

నేను అకౌంటెంట్‌ని. చిన్న షాపుల ఖాతాలు చూస్తాను, ఏడాది చివర వాటిని ముగించి లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ తయారు చేసి ఇస్తాను. షాపు డబ్బుతో కట్టిన ఇంటి ఖర్చు షాపు ఖర్చు కాదు, అది డ్రాయింగ్స్ అని యజమానులకు చెబితే అందరూ తలూపుతారు, మర్నాటి నుంచి మళ్లీ అంతా షాపు ఖర్చుల్లోనే రాస్తారు. డ్రాయింగ్స్ అంటే మన కామర్స్ పుస్తకాల్లో సొంతవాడకాలు అని రాస్తారే, అదే. ఒక యజమాని విషయంలో మాత్రం నోటిమాటతో సరిపెట్టడానికి నా మనసు ఒప్పుకోలేదు, ఎందుకంటే ఆ తప్పు లెక్క ఆధారంగా ఆయన రెండు పెద్ద నిర్ణయాలు తీసుకోబోతున్నారు. ఒకటి షాపు మూసేయడం, రెండోది కౌంటర్ దగ్గర పనిచేసే అబ్బాయిని దొంగ అని పంపేయడం.

ఇంట్లో రోజూ వాడే సరుకులు అమ్మే షాపు ఆయనది. ఒక్కరే యజమాని, భాగస్వాములు లేరు, కంపెనీ కాదు. ఆ ఏడాది పుస్తకాలు ఆయనే రాసుకుని, చివర్లో నాకు పంపుతూ ఫోన్ చేశారు. "అమ్మా, ఏడాదంతా పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడితే 60 వేలు మిగిలింది. ఇంతకంటే ఎక్కడైనా ఉద్యోగం చేసుకోవడం నయం కదా. పైగా సరుకు ఎటో పోతోంది, ఆ అబ్బాయి మీదే నాకు అనుమానం" అన్నారు. తేల్చేవరకు ఆ అబ్బాయిని ఏమీ అనొద్దని మాత్రం ఆయన దగ్గర మాట తీసుకున్నాను.

ఆయన పంపిన లెక్క ఇదీ. అమ్మకాలు 60,00,000. ఏడాది మొదట్లో సరుకు నిల్వ 8,00,000, ఏడాదిలో కొన్నది 49,00,000, ఏడాది చివర మిగిలిన నిల్వ 9,00,000. అంటే అమ్మిన సరుకు ఖరీదు 48,00,000, స్థూల లాభం 12,00,000. అందులోంచి ఖర్చులు 11,40,000 తీసేస్తే నికర లాభం 60,000. కూడికలూ తీసివేతలూ ఎక్కడా తప్పు లేవు.

నేను మొదట చూసేది నికర లాభం కాదు, స్థూల లాభం అమ్మకాల్లో ఎంత శాతం అని. ఇక్కడ అది 20 శాతం. అంతకుముందు ఏళ్లలో ఆ షాపుకి 22 శాతానికి అటూ ఇటూగా వచ్చేది. రెండు శాతమే కదా అనిపిస్తుంది గానీ, 60 లక్షల అమ్మకాల మీద అది 1,20,000. ఒకే రకం సరుకు, ఒకే మార్జిన్లతో అమ్మే షాపులో ఈ శాతం ఊరికే కదలదు. కదిలితే దానికి కారణాలు వేళ్లమీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి: అమ్మకం ధరలు తగ్గించి ఉండాలి, కొనే ధర పెరిగినా అమ్మే ధర పెంచకపోయి ఉండాలి, చివరి నిల్వ తక్కువ లెక్కపెట్టి ఉండాలి, సరఫరాదారు బిల్లు ఒకటి రెండుసార్లు ఎక్కి ఉండాలి, కొన్ని అమ్మకాలు రాయకుండా పోయి ఉండాలి, లేదా సరుకు డబ్బు రాకుండా షాపు దాటి ఉండాలి.

ఒక్కోటీ చూసుకుంటూ వచ్చాను. ఎక్కువగా అమ్ముడుపోయే సరుకులకి కొన్న ధర, అమ్మిన ధర పక్కపక్కన పెట్టి చూస్తే మార్జిన్ పాతదే. నిల్వ పట్టీలో పెద్ద పెద్ద అంకెలున్న వరుసలు మళ్లీ లెక్కపెట్టించాం, తేడా లేదు. సరఫరాదారుల స్టేట్‌మెంట్లు తెప్పించి బిల్లులతో సరిచూశాను, రెండుసార్లు ఎక్కినవి లేవు. రోజువారీ అమ్మకాల చీటీలు, బ్యాంకులో వేసిన నగదు సరిపోయాయి. అంటే 1,20,000 ఖరీదు చేసే సరుకు డబ్బు రాకుండా బయటికి వెళ్లింది. ఈ చోటుకి వచ్చేసరికి యజమాని అనుమానం నిజమేనేమో అని ఎవరికైనా అనిపిస్తుంది, ఎందుకంటే పుస్తకాల్లో దొంగతనం వదిలే గుర్తు, యజమాని ఇంటికి తీసుకెళ్లిన సరుకు వదిలే గుర్తు అచ్చం ఒకటే. రెండిట్లోనూ కొనుగోలు ఉంటుంది, అమ్మకం ఉండదు, నిల్వలో సరుకు ఉండదు. అంకెలు చూసి ఏది ఏదో చెప్పడం కుదరదు, మనుషుల్ని అడగాల్సిందే.

అందుకే ఆయన్ని ఒకటే అడిగాను, "ఈ ఏడాది ఇంట్లో ఏం మారింది?" అని. మొదట ఏమీ మారలేదన్నారు. తర్వాత మాటల్లో చెప్పారు, ఏడాది మొదట్లో ఇల్లు షాపు పైఅంతస్తులోకి మారిందట. అంతకుముందు ఇల్లు దూరం కాబట్టి ఇంటి సరుకులు ఆ పక్కనే ఎక్కడో కొనుక్కునేవారు. ఇప్పుడు మెట్లు దిగితే షాపు. సబ్బు అయిపోయినా, బట్టల పొడి అయిపోయినా, రోజూ కావలసినవన్నీ కిందనుంచే పైకి వెళ్తున్నాయి. దాన్ని ఎవరూ తీసుకోవడం అనుకోలేదు, మన షాపే కదా. వాళ్లావిడని నాలుగు వారాలపాటు పైకి తెచ్చిన ప్రతీదీ ఒక కాగితం మీద రాయమన్నాను. ఆమె ఒక్క వస్తువు కూడా వదలకుండా రాశారు. కొన్న ధరకి లెక్కకడితే నెలకి దాదాపు 10 వేలు, ఏడాదికి 1,20,000. మార్జిన్ వైపు నుంచి వచ్చిన అంకె, ఇంటివైపు నుంచి వచ్చిన అంకె దగ్గర దగ్గరగా కలిశాయి. నాలుగు వారాల లెక్కని ఏడాదికి పెంచడం అంచనాయే, చివరి రూపాయిదాకా రుజువు కాదు, పాడైపోయి పారేసిన సరుకు కూడా అందులో కొద్దిగా కలిసి ఉండొచ్చు. కానీ ఆ అబ్బాయి మీద అనుమానానికి ఇక ఆధారం లేదు. నాకు అన్నిటికంటే సంతోషం కలిగించింది అదే.

ఇక ఖర్చుల సంగతి. ఇల్లు మారినప్పటినుంచి ఆయన ఇంటి బ్యాంకు ఖాతా వాడటం మానేశారు, అన్నీ షాపు ఖాతా నుంచే. బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింట్ తీసుకుని ఆయన పక్కన కూర్చున్నాను, ప్రతి చెల్లింపు దగ్గర ఒక గుర్తు పెట్టాలి: షాపుకా, ఇంటికా, రెండింటికీనా. ఎక్కడ ఎటు పెట్టాలో తెలియకపోతే ఒక ప్రశ్న వేసుకోమన్నాను, ఇది నేను అందరికీ చెప్పేదే: రేపు ఈ షాపుని ఇంకెవరికో అమ్మేస్తే, కొన్నవాళ్లు షాపు నడపడానికి ఈ ఖర్చు పెట్టాల్సి వస్తుందా? షాపు అద్దె, పనివాళ్ల జీతాలు, షాపు కరెంటు వాళ్లకీ తప్పవు. మీ పిల్లల ఫీజు వాళ్లు కట్టరు. ఈ ప్రశ్న అన్నిచోట్లా పనిచేయదు, ఉదాహరణకి సరఫరాదారుని కలవడానికి వెళ్లి పనిలో పనిగా రెండు రోజులు కుటుంబంతో ఉండి వచ్చిన ప్రయాణం దగ్గర తడబడుతుంది. కానీ స్టేట్‌మెంట్‌లో ఉన్న వాటిలో చాలావరకు దీంతోనే తేలిపోతాయి.

తేలినవి ఇవి. పిల్లల ఫీజులు 1,20,000, కుటుంబమంతా వెళ్లొచ్చిన విహారయాత్ర 70,000, ఆయన జీవిత బీమా ప్రీమియం 45,000, పైఅంతస్తు కరెంటు బిల్లులు 35,000. రెండింటికీ అన్న గుర్తు పడింది బండి ఖర్చుకే. ఏడాదికి 90,000 అయింది, సరుకు తేవడానికీ అదే బండి, పిల్లల్ని దింపడానికీ అదే. సగం సగం అని గాల్లో వేయడం నాకు నచ్చదు, ఎవరైనా అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. కొన్నాళ్లు మీటర్ రీడింగ్, ఎక్కడికి వెళ్లారు అన్నది రాయించాను, మూడోవంతు సొంత తిరుగుడు అని తేలింది. అంటే 30,000. ఇవన్నీ కలిపి 3,00,000. వీటితోపాటు ఆయన ప్రతి నెలా 20,000 తీసుకుని జీతాల ఖాతాలో "నా జీతం" అని రాసుకున్నారు, అది ఏడాదికి 2,40,000.

ఇదంతా అయ్యాక ఉత్తరం రాశాను. అందులోని ముఖ్యమైన భాగం ఇదే, ఆయన అనుమతితో పెడుతున్నాను.

> నమస్కారమండీ.
>
> మీరు పంపిన లెక్కలో ఈ ఏడాది నికర లాభం 60,000 అని ఉంది. నా లెక్కలో అది 7,20,000. మీరు ఏదీ దాచలేదు, నేను ఏదీ కొత్తగా కలపలేదు. మీ షాపు ఎంత సంపాదించింది అన్న లెక్కలో, మీ కుటుంబం ఎంత వాడుకుంది అన్న లెక్క కలిసిపోయింది. ఆ రెండూ విడదీశాను, అంతే.
>
> ఖాతాలు రాసేటప్పుడు మీరు వేరు, మీ షాపు వేరు. షాపు అప్పు తీర్చాల్సింది మీరే, చట్టం దృష్టిలో మీరిద్దరూ ఒకటే కావచ్చు, కానీ పుస్తకాల్లో మాత్రం షాపుని ఇంకో మనిషిగా చూస్తాం. ఆ మనిషికి మీరు పెట్టుబడి ఇచ్చారు, దాన్నే మూలధనం అని రాశాం, అంటే షాపు మీకు బాకీ ఉన్నట్టు. షాపుకి లాభం వస్తే ఆ బాకీ పెరుగుతుంది, ఎందుకంటే లాభం మొత్తం మీదే. మీరు షాపు నుంచి ఏదైనా తీసుకుంటే, అది నగదైనా, సరుకైనా, మీ తరఫున షాపు కట్టిన బిల్లైనా, ఆ బాకీ అంతమేర తీరుతుంది. అందుకే అది ఖర్చు కాదు. షాపు అమ్మకాలు తేవడానికి పెట్టినది ఖర్చు. తెచ్చిన లాభంలోంచి మీ వాటా మీరు పట్టుకెళ్లడం డ్రాయింగ్స్.
>
> పిల్లల ఫీజు షాపు ఖాతా నుంచి కట్టినప్పుడు నిజంగా జరిగినవి రెండు పనులు: షాపు మీకు డబ్బిచ్చింది, మీరు ఫీజు కట్టారు. మధ్యలో డబ్బు మీ చేతిలోకి రాలేదు కాబట్టి ఒకే పనిలా కనబడుతోంది. షాపు పుస్తకాలకి మొదటి పనే కావాలి. రెండోది మీ ఇంటి సంగతి, ఆ డబ్బుతో ఫీజు కట్టారా, ఇంకేదైనా కొన్నారా అన్నది షాపుకి అక్కర్లేదు.
>
> పైకి వెళ్లిన సరుకు కూడా ఇంతే. దాన్ని కొన్న ధరకి, అంటే 1,20,000కి, కొనుగోళ్ల ఖాతాలోంచి తగ్గించి డ్రాయింగ్స్ ఖాతాలో వేశాను. ఇప్పుడు అమ్మిన సరుకు ఖరీదు 46,80,000, స్థూల లాభం 13,20,000, అమ్మకాల్లో సరిగ్గా 22 శాతం. మీ షాపులో మార్జిన్ పడిపోలేదు. కౌంటర్ దగ్గర ఉన్న అబ్బాయిని అనుమానించడానికి ఈ పుస్తకాల్లో ఏమీ లేదు, ఈ మాట రాతపూర్వకంగా చెబుతున్నాను.
>
> ఖర్చులు 11,40,000లోంచి ఇంటి ఖర్చులు 3,00,000, "నా జీతం" 2,40,000 తీసేస్తే షాపు అసలు ఖర్చులు 6,00,000. స్థూల లాభం 13,20,000లోంచి అవి పోతే 7,20,000. మీరు షాపు నుంచి తీసుకున్నది సరుకు 1,20,000, బిల్లులు 3,00,000, నెలనెలా 2,40,000, మొత్తం 6,60,000.

ఉత్తరం అందిన మర్నాడే ఆయన వచ్చారు. చాలా తెలివైన మనిషి, కాగితం మీద లెక్క వేసుకుని మరీ వచ్చారు. "ఏడాది మొదట్లో నా మూలధనం 10 లక్షలు. నా లెక్కలో 60 వేలు లాభం కలిపితే 10,60,000. మీ లెక్కలో 7,20,000 కలిపి 6,60,000 తీసేస్తే మళ్లీ 10,60,000. రెండూ ఒక్కటే అయినప్పుడు ఇంత గొడవ ఎందుకమ్మా?" అన్నారు.

ఈ ప్రశ్న వేసిన యజమాని అంటే నాకు గౌరవం, ఎందుకంటే ఇది అసలైన ప్రశ్న. ఆస్తి అప్పుల పట్టీలో నిజంగానే ఏమీ మారదు. బ్యాంకులో ఉన్న డబ్బు మారదు, నిల్వ మారదు, చివరి మూలధనం మారదు. మారేది అక్కడికి ఏ దారిలో వచ్చాం అన్నది. 60,000 అన్న ఒక్క అంకె నుంచి, షాపు బాగా సంపాదించి ఇల్లు బాగా వాడుకుందా, లేక షాపే ఏమీ సంపాదించలేదా అన్నది ఎవరూ చెప్పలేరు. ఆయన రెండోదే అనుకున్నారు, అనుకుని షాపు మూసేద్దామనుకున్నారు. మూసేస్తే ఏమవుతుందో అదే కాగితం మీద రాసి చూపించాను: షాపుతోపాటు షాపు ఖర్చులు 6,00,000 ఆగిపోతాయి, కానీ ఫీజులు, బీమా, ఇంటి కరెంటు, ఇంట్లో వాడే సరుకులు ఆగవు, ఇప్పుడు వాటిని కడుతున్న 7,20,000 మాత్రం ఆగిపోతుంది. ఉద్యోగంతో పోల్చుకోవాల్సింది ఆ 7,20,000నే గానీ 60,000ని కాదు. ఆయన చాలాసేపు ఆ కాగితం చూస్తూ కూర్చుని, "అయితే షాపు నన్ను పోషిస్తోందన్నమాట" అన్నారు.

తర్వాత జీతం మీద వాదన నడిచింది, ఇది ఎప్పుడూ నడిచేదే. "నా చోట ఇంకో మేనేజర్‌ని పెట్టుకుంటే జీతం ఇవ్వాలి కదా, ఆ ప్రశ్న మీరు చెప్పిందే కదా, కొన్నవాళ్లకీ ఆ ఖర్చు వస్తుందిగా" అన్నారు. నిజమే, వస్తుంది. షాపు విలువ కట్టేటప్పుడు, అమ్మేటప్పుడు, యజమాని శ్రమకి ఒక జీతం ఊహించి లాభంలోంచి తీసి చూడటం సరైన పద్ధతే, నేనూ అలాగే చూస్తాను. కానీ పుస్తకాల్లో అది రాయం. ఒక్కడే యజమానిగా ఉన్న షాపులో మనకి మనం జీతం ఇచ్చుకోవడం అన్నది లేదు, ఒప్పందానికి రెండో మనిషి లేడు, మనం పడ్డ కష్టానికి ఫలితం ఆ లాభమే. నెలకి 20,000 తీసుకున్నా, 40,000 తీసుకున్నా షాపు సంపాదన మారదు కదా. జీతం అని రాస్తే మాత్రం మీరు ఎంత ఎక్కువ తీసుకుంటే షాపు అంత నష్టంలో ఉన్నట్టు కనబడుతుంది. కంపెనీ అయితే కథ వేరు, అక్కడ కంపెనీ చట్టప్రకారమే వేరే వ్యక్తి కాబట్టి డైరెక్టరుకి జీతం ఇవ్వొచ్చు, అలా కాకుండా కంపెనీ డబ్బుతో ఇంటి బిల్లు కడితే అది డ్రాయింగ్స్ కూడా కాదు, డైరెక్టరు కంపెనీకి బాకీ పడ్డట్టో, ఇంకోలాగో రాయాల్సి వస్తుంది, దాని చిక్కులు దానికున్నాయి. భాగస్వామ్యంలో అయితే ఎవరి డ్రాయింగ్స్ ఖాతా వాళ్లకి వేరేగా ఉండాలి, లేకపోతే ఒకరి ఇంటి ఖర్చు ఇద్దరి లాభంలోంచి పోతుంది, స్నేహాలు చెడేది అక్కడే.

సరుకు విషయంలో ఆయన అటువైపు నుంచి కూడా ఆలోచించారు. "మరి పైకి తీసుకెళ్లింది అమ్మకం ధరకి రాసుకుంటే పోదా, అందరికీ అమ్మినట్టే నాకూ అమ్మినట్టు" అన్నారు. అలా రాస్తే 1,20,000 సరుకు దాదాపు 1,54,000 అవుతుంది, ఆ 34,000 తేడా లాభంగా కనబడుతుంది, ఎవరి దగ్గర సంపాదించిన లాభం అది? ఆయన దగ్గర్నుంచి ఆయనే సంపాదించింది. అందుకే మామూలుగా పుస్తకాల్లో కొన్న ధరే వేస్తాం. కొన్ని దేశాల పన్ను చట్టాలు ఇలాంటి సరుకుని అమ్మకం ధరకే లెక్కకట్టమంటాయి, అలాంటిచోట ఆ సర్దుబాటు పన్ను లెక్క వేసేటప్పుడు చేసుకోవాలి. కొన్నప్పుడు కట్టిన పన్నుని వెనక్కి తీసుకునే విధానం ఉన్నచోట, ఇంటికి వాడిన సరుకు మేరకి అలా తీసుకున్న పన్ను గురించి కూడా చూసుకోవాలి. దీన్ని చాలామంది పట్టించుకోరు.

చివరికి అసలు బాధ బయటపెట్టారు, "అంటే 60 వేల మీద కాకుండా 7,20,000 మీద పన్ను కట్టాలా?" అని. అవును, కట్టాలి. దీన్ని మెత్తగా చెప్పే దారి నాకు తెలియదు, చెప్పకూడదు కూడా. పిల్లల ఫీజుని షాపు ఖర్చుగా చూపించి లాభం తగ్గించడం పన్ను మిగుల్చుకోవడం కాదు, తప్పుడు లెక్క ఇవ్వడం. పరిశీలనలో పట్టుబడితే ఆ ఖర్చులు కొట్టేస్తారు, పన్నుతోపాటు వడ్డీ, జరిమానా పడతాయి, అంతకంటే నష్టం ఏమిటంటే ఆ తర్వాత నిజమైన ఖర్చుల్ని కూడా నమ్మరు. ఆయన ఇంకా రిటర్ను వేయలేదు కాబట్టి సరిచేసిన లెక్కతోనే వేశాం. ఇంకో సంగతి కూడా అప్పుడే చెప్పాను: ఆ లాభం మీద ఆయన కట్టే ఆదాయపు పన్ను షాపు ఖాతా నుంచి కడితే అదీ డ్రాయింగ్సే. ఆ పన్ను ఆయన ఆదాయం మీద పడేది, షాపు నడపడానికి అయిన ఖర్చు కాదు. ఇది విని చాలామంది ఆశ్చర్యపోతారు, ఆయనా అంతే.

సర్దుబాటు రాతలు వేసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకున్నాను, వచ్చే ఏడాది ఆయనే వేసుకోవాలి కాబట్టి. పెద్ద పనేం లేదు. ప్రతిచోటా డ్రాయింగ్స్ ఖాతా డెబిట్, ఎదుట ఎక్కడ తప్పుగా రాశామో ఆ ఖాతా క్రెడిట్. సరుకుకి కొనుగోళ్లు, బండికి బండి ఖర్చుల ఖాతాలోంచి 30,000 మాత్రమే, నెలనెలా తీసుకున్నదానికి జీతాల ఖాతా. అన్నీ అయ్యాక డ్రాయింగ్స్ ఖాతాలో 6,60,000 నిల్వ తేలుతుంది, దాన్ని ఏడాది చివర మూలధనం ఖాతాలోకి మళ్లిస్తే డ్రాయింగ్స్ సున్నా అయి కొత్త ఏడాది మొదలవుతుంది. లాభనష్టాల ఖాతా దరిదాపులకి అది వెళ్లకూడదు. లెక్క అంతా కలిసిందా లేదా అన్నది చూసుకోవడానికి ఆయనకి తేలికైన పరీక్ష చెప్పాను: ఏడాది మొదటి మూలధనానికి లాభం, ఆయన కొత్తగా తెచ్చిపెట్టిన డబ్బు కలిపి, డ్రాయింగ్స్ తీసేస్తే చివరి మూలధనం రావాలి, అది ఆస్తుల్లోంచి అప్పులు తీసేసిన మొత్తంతో కలవాలి. ఈ పరీక్ష అన్నీ రాశామని చెబుతుంది గానీ సరైన చోట రాశామని చెప్పదు, ఆయన పాత లెక్క కూడా ఇందులో పాసైంది మరి. సరుకు విషయంలో సరైన చోట రాశామా అన్నది తెలియాలంటే నెలనెలా స్థూల లాభం శాతం చూడాలి.

షాపు సంపాదిస్తోందని తేలాక, దాన్ని పెంచుకోవడానికి బ్యాంకు అప్పు తీసుకుందామని కూడా ఆయన అనుకున్నారు. 60,000 లాభం చూపిస్తే ఎవరూ ఇవ్వరు, 7,20,000 చూపిస్తే ఇస్తారు అని ఉత్సాహపడ్డారు. అక్కడ నేను ఆపాల్సి వచ్చింది. జాగ్రత్తగా చూసే బ్యాంకు అధికారి లాభం ఒక్కటే చూడడు, పక్కనే డ్రాయింగ్స్ చూస్తాడు. 7,20,000 వచ్చి 6,60,000 ఇంటికి వెళ్లిపోతే వాయిదా కట్టడానికి మిగిలేది ఏడాదికి 60,000, అంటే నెలకి 5,000, అందులోంచే ఆదాయపు పన్ను కూడా. డ్రాయింగ్స్ లాభాన్ని దాటితే ఇంకా కష్టం, మూలధనం కరిగి, సరఫరాదారులకి ఇవ్వాల్సిన డబ్బుతో ఇల్లు నడుస్తున్నట్టు అవుతుంది, షాపు లాభాల్లో ఉండగానే సరుకు తేవడానికి డబ్బు ఉండదు. నేను చూసిన షాపుల్లో మూతపడ్డవి కొన్ని ఇలా మూతపడ్డవే, అమ్మకాలు లేక కాదు. ఈ మాట విన్నాక ఆయన అప్పు దరఖాస్తు వాయిదా వేసుకున్నారు, మొదట ఇంటి వాడకం ఎంతలో ఉండాలో ఇంట్లో కూర్చుని మాట్లాడుకుంటామన్నారు.

తర్వాత పద్ధతి మార్చారు. ఇంటి బ్యాంకు ఖాతా మళ్లీ తెరిచి, నెల మొదట్లో షాపు ఖాతా నుంచి ఒకే మొత్తం అందులోకి వేస్తారు, పుస్తకాల్లో అది ఒకే వరుస, డ్రాయింగ్స్. ఫీజు, బీమా, ఇంటి కరెంటు అన్నీ అక్కడినుంచే. నా దృష్టిలో సగం తలనొప్పి దీంతోనే పోయింది, ఎందుకంటే ఏడాది చివర ప్రతి చెల్లింపుకీ ఇది ఎవరిది అని అడగక్కర్లేదు. సరుకుకి కౌంటర్ దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టారు, పైకి ఏది వెళ్లినా అబ్బాయే రాస్తాడు, వాళ్లావిడ సంతకం పెడతారు. నెలాఖరున దానికి కొన్న ధర వేసి ఒక రాత రాస్తారు. మొదట్లో వాళ్లావిడకి ఇది కొంచెం చిన్నతనంగా అనిపించింది, మన షాపులో మనం సంతకం పెట్టడమేంటి అని. సరుకు తక్కువైతే అనుమానం ఎవరి మీదకి వెళ్లిందో ఆమెకి చెప్పాక ఇంకెప్పుడూ అనలేదు.

మధ్యలో ఒకసారి ఫోన్ చేసి, షాపు ఖాతాలో డబ్బు లేక ఒక సరఫరాదారు బిల్లు తన ఇంటి ఖాతా నుంచి కట్టానని, ఇది కొత్త డ్రాయింగ్సా అని అడిగారు. ఇది సరిగ్గా దానికి తిరగేసిన సంగతి. ఆ సరఫరాదారు బాకీ తీరింది, అంతమేర షాపు ఆయనకి బాకీ పడింది, కాబట్టి మూలధనంలోకి తెచ్చిన డబ్బుగా రాయాలి. దాన్ని అమ్మకాల్లో కలపకూడదు, అలాగే రాయకుండా వదిలేయకూడదు కూడా, వదిలేస్తే ఎప్పుడో తీరిపోయిన బాకీ పుస్తకాల్లో ఇంకా ఉన్నట్టే కనబడుతుంది.

ఇంకా తేలాల్సింది ఒకటుంది. వాళ్లావిడ ఇప్పుడు మధ్యాహ్నాలు షాపులో కూర్చుని బిల్లింగ్ చూస్తున్నారు, ఆమెకి జీతం ఇస్తే అది కూడా డ్రాయింగ్సేనా అని అడిగారు. ఆమె యజమాని కాదు. నిజంగా పనిచేస్తూ, ఆ పనికి బయటివాళ్లకి ఇచ్చేంతే ఇస్తూ, ఆ డబ్బు ఆమె ఖాతాలోకి నెలనెలా నిజంగా వెళ్తూ ఉంటే అది షాపు ఖర్చే. పని లేకుండా పేరుకి రాస్తే మాత్రం అది ఆయన డ్రాయింగ్సే అవుతుంది. ఆమె వచ్చే వేళలు రాసే ఒక హాజరు పుస్తకం పెట్టమన్నాను, జీతం ఎంతన్నది వాళ్లు తేల్చుకుని వచ్చే నెల నుంచి మొదలుపెడతామన్నారు.